అరవై డిగ్రీల దగ్గర ఎర్రబడిన కడ్డీ

నెల్లూరు జిల్లా కోట నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద మా ఫ్యాక్టరీ ఎక్కడుందో ఎవరినీ అడగక్కర్లేదు. ముక్కే చెబుతుంది. రొయ్యల కంపెనీలు ఒలిచి పారేసిన తలలూ తొక్కలూ మేం లారీల్లో తెచ్చుకుంటాం. రుబ్బి, వడకట్టి, ఆ రసాన్ని పెద్ద స్టీలు పాత్రలో చిక్కబడేదాకా మరిగిస్తాం. అది చేపల మేతలోకి పోతుంది, నూడుల్స్ మీద చల్లే పొడిలోకీ పోతుంది. ఆ పొడి ఇష్టంగా తినేవాళ్లు ఒక్కసారి మా షెడ్డుకొస్తే మళ్లీ జన్మలో ముట్టుకోరు.

నేను అక్కడ ఎలక్ట్రికల్ ఇంజినీరుని. పేరు షాహీనా. ఇంటికెళ్లి రెండుసార్లు స్నానం చేసినా, మా అమ్మ సుల్తాన్‌బీ నన్ను వంటింటి గడప తొక్కనివ్వదు. నిజం చెప్పాలంటే ఆ కంపు నాకు అలవాటైపోయింది. రొయ్య తలకాయ ఎండలో పడుంటే కుళ్లుతుంది, కుళ్లితే కంపు కొడుతుంది, అందులో దాని తప్పేం లేదు. నాకు అలవాటు కానిది మా మేనేజరు కిషోర్ బాబు.

ఆ రోజు పొద్దున నేను బోరు మోటారు చూసుకుని వచ్చేసరికి షెడ్డులో కరెంటు లేదు. మరిగించే పాత్ర చుట్టూ జనం. పాత్ర మూత తీసి, లోపలున్న హీటర్ల గుత్తిని గొలుసుతో పైకి లాగారు. వేలంత లావున్న స్టీలు కడ్డీలు ఆరు, రెండు వరసలు, కింద మూడు, పైన మూడు. పై వరసలో నడిమి కడ్డీ నిలువునా పగిలి ఉంది. లోపలి తెల్లటి పొడి రసంలో కలిసి గంజిలా కారుతోంది. పగిలినచోట స్టీలు నీలంగా, నల్లగా మాడిపోయింది.

కిషోర్ బాబు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అతని ఎదురుగా మగ్దలీనమ్మ.

మగ్దలీనమ్మ మా కడిగేవాళ్లకు పెద్ద. యాభై దాటిన మనిషి. రోజూ పొద్దున్నే పాత్రలోకి దిగి, కడ్డీకి కడ్డీ బ్రష్షు పెట్టి తోమేది ఆమే. ఇక్కడికి రాకముందు రొయ్యల కంపెనీల్లో ఎన్నో ఏళ్లు చేసింది. ఈ తీరంలో కడుగుడు పనికి మనిషి కావాలంటే ముందు ఆమె పేరే చెబుతారు. ఆమెకున్న ఆస్తి ఆ పేరొక్కటే.

"కడ్డీ మీద ఎండిన రసం పాచి వదిలేసినావు. పాచి కింద వేడి నిలబడిపొయ్యి కడ్డీ పేలింది. నీకు కళ్లు కనపడకపోతే ఇంట్లో కూర్చోవాల," అన్నాడు కిషోర్ బాబు.

"కడిగినా సార్," అంది మగ్దలీనమ్మ.

"కడిగితే పేలుతుందా?"

ఆమె ఏం చెబుతుంది? కడ్డీ ఎందుకు పేలుతుందో చెప్పాల్సింది కడిగే మనిషి కాదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. అందుకే ఆమెను అడిగాడు.

"రేప్పొద్దున్నించి రానక్కర్లా. నీ అట్టాంటోళ్లని పెట్టుకోవద్దని పక్క కంపెనీలకు కూడా చెప్తా," అని పాన్ నమిలే నోటిని ఒకసారి పక్కకు తిప్పి, కడిగిన నేల మీదే ఉమ్మాడు.

కుళ్లిన రొయ్యల మధ్య టిఫిన్ డబ్బా విప్పుకుని తినగలిగిన దాన్ని నేను. ఆ ఎర్రటి ఉమ్ము చూసి వాంతొచ్చినంత పనైంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా దగ్గర రోజూ పొద్దున తెల్లగుడ్డ పరీక్ష అని ఒకటుంది. మగ్దలీనమ్మ కడగడం అయ్యాక కిషోర్ బాబు వచ్చి, ఉతికిన తెల్లగుడ్డతో ఒక్కో కడ్డీనీ తుడుస్తాడు. గుడ్డని వెలుతురులో చూస్తాడు, వాసన చూస్తాడు. మరక కనిపిస్తే మళ్లీ కడగమంటాడు. లేకపోతే ఆ గుడ్డని ఆమె మీదికి విసిరి 'కానీ' అంటాడు. చేతికి ఇవ్వడు, విసురుతాడు. ఆ రోజు కూడా విసిరాడు. షెడ్డులో అందరూ చూశారు.

"పొద్దున తెల్లగుడ్డ పెట్టింది మీరే కదా కిషోర్ బాబు గారూ," అన్నాను.

"గుడ్డకి అంటని సన్న పొర కూడా ఉంటాదమ్మా. నువ్వు కరెంటు సంగతి చూసుకో."

"ఇది కరెంటు సంగతే. పేలింది పై వరస నడిమి కడ్డీ. బ్రష్షు బాగా అందేది పై వరసకే. పాచి ఉంటే కింది వరసకు ఉండాల. కింది కడ్డీలు చూడండి, ముట్టుకుని చూడండి. వాటికేం కాలా."

అతను ముట్టుకోలేదు. "అరవై డిగ్రీల్లో మరుగుతుండాది రసం. అరవై! మనం తాగే టీ ఇంకా వేడిగా ఉంటాది. పాచి లేకుండా ఆ వేడికి స్టీలు కడ్డీ ఎట్టా మాడుతుంది? చెప్పు," అని నవ్వాడు. ఆ నవ్వుకు పక్కనున్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. వాళ్లకి అర్థమై కాదు, మేనేజరు నవ్వాడు కాబట్టి.

ఒళ్లు మండింది. కానీ ఆ అరవై అన్న మాటలోనే అసలు సంగతంతా ఉంది.

రెండు నెలల కిందటిదాకా ఆ పాత్రలో పొడుగు కడ్డీలు పన్నెండు ఉండేవి. అవి పాతబడితే, అదే కిలోవాట్లకి పొట్టివి ఆరు చాలని, కడగడం కూడా తేలికని కిషోర్ బాబు వాటిని తెప్పించాడు. నేను వద్దన్నాను. వేడి అంతే, కానీ ఆ వేడి బయటికి రావడానికి ఉన్న ఒళ్లు సగం కూడా లేదు. అంటే కడ్డీ చర్మం మీద ప్రతి చోటా రెండింతల పైగా వేడి పడుతుంది. నా మాట ఎవరు విన్నారు? పొట్టి కడ్డీలు వచ్చాయి. నాలుగు రోజులకే రసం నల్లబడుతోందని, మాడు వాసన వస్తోందని కొనేవాళ్లు గొడవ పెట్టారు. దానికి కిషోర్ బాబు కనిపెట్టిన మందు వ్యాక్యూమ్ పెంచడం. పంపుతో పాత్రలో గాలి లాగేస్తే రసం నూరు డిగ్రీలదాకా పోకుండా తక్కువ వేడికే మరుగుతుంది. ముందు ఎనభై దగ్గర మరిగేది. అతను ఇంకా లాగించి అరవైకి దించాడు. తక్కువ వేడి కాబట్టి కడ్డీలకీ మంచిదే అనుకున్నాడు.

సరిగ్గా అక్కడే బోల్తా పడ్డాడు. ఆ సంగతి ఆ షెడ్డులో నిలబడి చెబితే ఎవరికీ ఎక్కదు. పైగా, పేలినప్పుడు కంట్రోలు ప్యానెల్ దగ్గర నిలబడింది అతనే. వేడి పెంచే నాబ్ మీద చెయ్యి వేసింది అతనే. నేను రాగానే చూశాను, నాబ్ చివరిదాకా తిరిగి ఉంది.

"నేను ఓనరు సార్‌తో మాట్లాడతా," అన్నాను.

మగ్దలీనమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నా కోసం నువ్వు గొడవ పడబాకు పాపా. పనిపోతే పోనీ. కానీ పాచి వదిలేసిందని ఊరూరా చెప్తే నన్నెవరు పిలుస్తారు? ఆ మాట ఒక్కటి పోగొట్టు, చాలు," అంది.

మా ఓనరు సుశీల్ కుమార్ గారు నెల్లూరులో ఉంటారు. ఆ మధ్యాహ్నం రసం కొనేవాళ్ల తరఫు మనిషి బెన్హర్ గారు చెన్నై నుంచి వస్తున్నారు, నల్లబడ్డ సరుకు సంగతి తేల్చడానికి. అందుకని ఓనరు ముందే దిగారు. కారు దిగేముందు సెంటు కొట్టుకుంటారాయన. మల్లెపూల వాసనా కుళ్లు రొయ్యల వాసనా కలిస్తే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. నాకైతే ఉత్త రొయ్యలే నయం.

"సార్, కొత్త కడ్డీ వెయ్యండి. రసం వద్దు, మంచినీళ్లు పోయండి. కిషోర్ బాబు గారే తెల్లగుడ్డ పెట్టి శుభ్రంగా ఉందని చెప్పనీండి. అప్పుడు పొద్దున నడిపినట్టే నడుపుదాం. అద్దంలోంచి మీ కళ్లతో మీరే చూడండి," అన్నాను.

"బెన్హర్ వచ్చేలోపల అయిపోతుందా?" అన్నారాయన. ఆయనకు కావాల్సింది అంతే.

కొత్త కడ్డీ బిగించాను. మగ్దలీనమ్మను పిలిచి గుత్తి అంతా మళ్లీ కడగమన్నాను. ఆమె కడిగింది. కిషోర్ బాబు తెల్లగుడ్డ పెట్టాడు. ఓనరు ముందు కాబట్టి ఈసారి విసరలేదు, మడిచి చేతికిచ్చాడు. గుడ్డ పాలలా ఉంది. మూత బిగించి, నీళ్లు పోసి, పంపు వేశాం. పాత్రకు పక్కన గుండ్రటి మందపాటి అద్దం ఉంటుంది, లోపల దీపం ఉంటుంది. ముగ్గురం ఆ అద్దం దగ్గర చేరాం. మగ్దలీనమ్మ చీపురు పట్టుకుని దూరంగా నిలబడింది. వెళ్లిపొమ్మని ఎవరూ అనలేదు, దగ్గరికి రమ్మనీ అనలేదు.

మొదట వ్యాక్యూమ్ కొంచెమే పెట్టాను, నీళ్లు ఎనభై దగ్గర మరిగేట్టు. నాబ్ చిన్నగా తిప్పాను. కడ్డీల చుట్టూ నీళ్లు సన్నగా అలలాడాయి, బుడగల్లేవు. వేడి నీరు పైకి, చల్ల నీరు కిందికి, అంతే.

"ఏం కనపడలా," అన్నారు ఓనరు.

"ఆగండి సార్."

ఇంకొంచెం తిప్పాను. కడ్డీల మీద అక్కడొకటి ఇక్కడొకటి బుడగ పుట్టింది. స్టీలు మీద కంటికి కనపడని గీతలూ గుంటలూ ఉంటాయి, బుడగలు వాటిలోంచే పుడతాయి. పుట్టినచోటే మళ్లీ మళ్లీ పుడుతూ వరసగా పైకి లేచాయి. ఇంకా తిప్పితే కడ్డీ నిండా బుడగలు. ఒకదానికొకటి అంటుకుని ఆవిరి తీగల్లా లేస్తున్నాయి. పాత్ర గరగరా మోగుతోంది.

"ఇదే మనకు కావాల్సిన మరుగు. బుడగ లేచిపోయిన చోటికి నీళ్లు దూకి కడ్డీని తడుపుతాయి. తడిసినంత సేపూ కడ్డీ నీళ్లకంటే కొంచెమే వేడిగా ఉంటుంది. ఎంత వేడి ఇచ్చినా నీళ్లు లాగేసుకుంటాయి. కానీ దానికో హద్దుంది సార్," అన్నాను.

"ఏం హద్దు?"

"ఆవిరి పైకి పోవాల, నీళ్లు కిందికి రావాల. దారి ఒకటే. వేడి పెంచేకొద్దీ ఆవిరి దారంతా ఆక్రమిస్తుంది. ఒక దశ దాటితే నీళ్లు కడ్డీని చేరలేవు. కడ్డీ చుట్టూ ఆవిరి పొర కప్పుకుంటుంది. బాగా కాలిన పెనం మీద నీళ్లు చల్లితే చుక్క ఆవిరైపోకుండా గుండ్రంగా పరిగెత్తుతుంది చూడండి, అదే. చుక్క కింద ఆవిరి ఉంటుంది, పెనాన్ని తాకదు. ఆవిరి వేడిని సరిగ్గా లాగలేదు. కరెంటేమో ఆగదు. లోపల పుట్టిన వేడి బయటికి పోయే దారిలేక కడ్డీ ఎర్రబడిపోతుంది."

"అరవై డిగ్రీల్లోనా?" అన్నాడు కిషోర్ బాబు.

"అరవై నీళ్లకి. మన మీటరు కొలిచేది నీళ్లనే. కడ్డీ ఎర్రగా కాలుతున్నా అది అరవై అనే చూపిస్తుంది. ఇంకొకటి, వ్యాక్యూమ్ పెంచితే ఆ హద్దు కిందికి దిగుతుంది. వత్తిడి తగ్గితే అంతే నీళ్లు ఇంకా ఎక్కువ చోటు పట్టే పల్చటి ఆవిరి అవుతాయి. దారి తొందరగా మూసుకుపోతుంది. ఎనభై దగ్గర ఓర్చుకున్న కడ్డీ అరవై దగ్గర ఓర్చుకోదు. పైగా పై వరసకి కింది కడ్డీల ఆవిరి కూడా వచ్చి మీద పడుతుంది. అందుకే నడిమిది పేలింది."

"ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇట్టాంటి కథలు శానా చెప్తారు," అన్నాడు కిషోర్ బాబు ఓనరు వైపు తిరిగి. "చక్కెర ఫ్యాక్టరీలో పాకం మరిగించే పాన్‌లు, ఇంతకంటే పెద్దవి నడిపినా నేను. ఇంతకంటే ఎక్కువ వ్యాక్యూమ్‌లో. ఒక్క గొట్టం మాడలా."

ఆ మాట నిజమే. కానీ అక్కడ పాన్‌ను మరిగించేది గొట్టాల్లో పారే స్టీము. గొట్టం ఎంత ఎండిపోయినా స్టీము ఉన్న వేడి కంటే పైకి పోలేదు. అక్కడ హద్దు దాటితే మరుగు మందగిస్తుంది, అంతే. మందగిస్తే స్టీము వాల్వు ఇంకొంచెం తిప్పుతారు. ఏళ్ల తరబడి తిప్పీ తిప్పీ అతని చేతికి ఆ అలవాటు పట్టేసింది. కరెంటుకు ఆ మర్యాద లేదు. నీళ్లు తీసుకున్నా తీసుకోకపోయినా అది ఇచ్చేది ఇస్తూనే ఉంటుంది.

ఇదంతా చెప్పాను. అతను వినలేదు. ఓనరు వాచీ చూసుకుంటున్నారు.

నాబ్‌ను రోజూ నడిపే గుర్తు దగ్గర ఆపి, వ్యాక్యూమ్ పెంచాను. మీటరు మెల్లగా దిగి అరవై దగ్గర నిలబడింది. పాత్రలో మరుగు ముదిరింది. గుప్పెడంత బుడగలు ఎగిరెగిరి పడుతున్నాయి. పై వరస నడిమి కడ్డీ మీద ఒకచోట వెండిరేకు అతికించినట్టు మెరిసే మచ్చ కనపడింది. వస్తోంది, చెదిరిపోతోంది, మళ్లీ వస్తోంది. గరగర తగ్గింది. పైకి పోయే ఆవిరిని కొలిచే గేజీ ముల్లు కూడా దిగింది.

"ఇది రసం కాదు మంచినీళ్లు కాబట్టి ఇంకా తట్టుకుంటుండాది. ఇక్కడ ఆపేస్తా. ఆ మెరిసే మచ్చ చూడండి సార్, అదే ఆవిరి పొర," అన్నాను.

సుశీల్ కుమార్ గారు అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నారు. నేను కూడా అటే చూపిస్తున్నాను. ఆ సందులో కిషోర్ బాబు గేజీ ముల్లు చూశాడు. "మరుగు మందంగా ఉంది, ఇంకొంచెం ఇస్తే సర్దుకుంటాది," అంటూ చెయ్యి చాపి, నాబ్ తిప్పేశాడు.

వద్దని అరిచేలోపల మచ్చ కడ్డీ పొడుగునా పాకింది. ఆ కడ్డీ మీద బుడగలు ఆగిపోయాయి. మరుగుతున్న నీళ్ల నడిమధ్యలో ఆ ఒక్క కడ్డీ నున్నటి ఆవిరి ఒరలో నిశ్శబ్దంగా ఉంది. ఒక చోట కుంకుమ రంగు వచ్చింది. అది ఎరుపైంది, ఆ వెంటనే నారింజ రంగైంది. నీళ్ల మధ్యలో, అరవై డిగ్రీల నీళ్ల మధ్యలో నిప్పు! మెయిన్ మీదికి నా చెయ్యి పోతుండగానే లోపల టప్‌మంది. పాత్ర అదిరింది, బ్రేకరు పడిపోయింది, షెడ్డు చీకటైంది.

మీటరు ముల్లు మాత్రం అరవై దగ్గరే ఉంది.

మూత తీసి గుత్తిని లాగాం. పై వరస నడిమి కడ్డీ, పొద్దున పేలినట్టే, నిలువునా. మంచినీళ్లలో పేలింది, పాలలాంటి తెల్లగుడ్డ పెట్టిన తర్వాత పేలింది. ఇక మగ్దలీనమ్మ మీద పెట్టడానికి ఏం మిగల్లేదనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని.

"నేను మొదట్నుంచీ అనుకుంటానే ఉండా సార్, ఈ పొట్టి కడ్డీల్లో ఏందో తేడా ఉంది," అన్నాడు కిషోర్ బాబు.

సిగ్గులేదు అనడానికి కూడా కొంచెం సిగ్గు ఉన్నవాడై ఉండాలి. నేను అతని మొహం చూడలేక గోడ వైపు తిరిగాను. ఒంటి మీద జెర్రులు పాకినట్టుంది.

ఓనరు చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆలోచించారు. "సరే. ఆమెను పనిలో ఉండనీ. కానీ బెన్హర్‌కి ఈ కడ్డీల కథ చెప్పబాకండి. మిషన్లోనే లోపం అంటే మిషను మార్చిందాకా సరుకు తీసుకోడు. కడగడంలో తప్పు జరిగింది, సరిచేసుకున్నాం అంటే ఈరోజే ఒప్పుకుంటాడు," అని మగ్దలీనమ్మ వైపు వేలు చూపించారు. "ఏమ్మా, ఆయన అడిగితే 'ఒకరోజు మర్చిపొయినా సార్' అను. అంతే. నీ పని నీకుంటాది."

"కడిగినా కదా సార్," అంది ఆమె.

"కడిగినావులే, ఎవరు కాదన్నారు? మాటవరసకి అనమంటుండా."

అది మాటవరస ఆయనకి. కిషోర్ బాబుకి పొట్టి కడ్డీలు, ఓనరుకి సరుకు, ఇద్దరికీ అడ్డం పెట్టుకోడానికి ఒక ఆడమనిషి. ఎవరి మొహాన ఉమ్మాలో తెలీక నా ఉమ్ము నేనే మింగాను.

బెన్హర్ గారు మూడింటికి వచ్చారు. సన్నగా, ఎండిపోయినట్టుండే మనిషి, మాటలు తక్కువ. ముక్కుకి ఏమీ అడ్డం పెట్టుకోలేదు. నేరుగా షెడ్డులోకొచ్చి, గుత్తి చూసి, "ఇది ఎందుకు బయటుంది?" అని అడిగారు.

"వాషింగ్‌లో చిన్న పొరపాటు సార్. మా మనిషే చెప్తాది," అన్నారు ఓనరు.

మగ్దలీనమ్మ ముందుకొచ్చింది. చేతిలో చీపురు గోడకి ఆనించింది. రబ్బరు ఏప్రాన్ మీద చేతులు తుడుచుకుంది. నేను ఆమె మొహం వైపు చూడలేకపోయాను. మర్చిపోయానంటే తిడతానా? ఆమె ఇంట్లో ఎంతమంది తినాలో నాకు తెలుసు.

"కడిగినా సార్," అంది. "పొద్దున కడిగినా, మళ్లీ వీళ్ల ముందర కడిగినా. రెండుసార్లూ తెల్లగుడ్డ పెట్టి బాగుందన్నారు. రెండుసార్లూ పేలింది. ఎందుకు పేలిందో ఈ పాపకి తెలుసు. నాకు తెలిసింది ఒకటే, దాని మీద పాచి లేదు."

ఓనరు మొహం నల్లబడింది. బెన్హర్ గారు నా వైపు తిరిగారు. చెప్పాను. పన్నెండు పొడుగు కడ్డీలు తీసి ఆరు పొట్టివి పెట్టిన దగ్గర్నించి, నాబ్ మీద కిషోర్ బాబు చెయ్యి దాకా ఒక్క ముక్క దాచకుండా చెప్పాను.

ఆయన మాడిన కడ్డీని వేలితో తట్టి చూశారు. "అయితే సరుకు నల్లబడటం కూడా ఈ కడ్డీలు వచ్చిన తర్వాతే."

"అవును సార్. వీటి చర్మం మరీ వేడి. అంటుకున్న రసం అక్కడే మాడుతుంది. ఆ నలుపు పోగొట్టాలని వ్యాక్యూమ్ పెంచారు, దాంతో కడ్డీలే పోయాయి."

"పొడుగు కడ్డీలు వెయ్యండి. వేసిన తర్వాత నమూనా పంపండి. అప్పటిదాకా మాకు సరుకొద్దు," అన్నారు ఓనరుతో. మగ్దలీనమ్మకి తల ఊపి వెళ్లిపోయారు.

ఆయన కారు గేటు దాటిందాకా సుశీల్ కుమార్ గారు నవ్వుతూ చెయ్యి ఊపారు. తర్వాత ఆ నవ్వు అలాగే ఉంచుకుని వెనక్కి తిరిగారు.

"షాహీనా, రేపే నెల్లూరు పొయ్యి పొడుగు కడ్డీలు చెప్పిరా. బిగించేదాకా ఇక్కణ్ణించి కదలబాకు." నన్ను తీసెయ్యలేదు. నేను కావాలి కాబట్టి. తర్వాత మగ్దలీనమ్మతో, "నువ్వు మాత్రం పో. రేపట్నించి రాబాకు," అన్నారు.

"ఆమె తప్పేం లేదని మీరే చూసినారు కదా సార్!" అన్నాను. "ఆమెను తీసేస్తే కడ్డీలు ఎవరు బిగిస్తారో చూసుకోండి."

"నువ్వుండు పాపా," అంది మగ్దలీనమ్మ. "నువ్వే బిగించు. సరిగ్గా బిగించు. లేకపోతే మళ్లీ పేలుతాది, మళ్లీ ఇంకో ఆడదాని మీద పెడతారు." తర్వాత ఓనరు వైపు తిరిగింది. "ఎందుకు తీసేస్తుండావు సార్?"

"ఎందుకేంది? నీకు నోరెక్కువ."

"పాచి వదిలేసినందుకు కాదు కదా?"

"కాదులే, పో."

"అయితే ఆ మాట అందరికీ చెప్పు సార్."

రొయ్య తలలు ఏరే ఆడవాళ్లు షెడ్డు బయట గుంపుగా నిలబడి ఉన్నారు. సాయంత్రం ఆటోల్లో వాళ్లు తీరం పొడుగునా ఊళ్లకు పోతారు. ఇక్కడ పొద్దున జరిగింది రాత్రికల్లా ఇందుకూరుపేట దాకా తెలిసిపోతుంది. పొద్దున కిషోర్ బాబు అన్న మాట అప్పటికే వాళ్ల చెవుల్లో ఉంది.

ఓనరు విసుగ్గా కారు వైపు నడిచారు. ఆమె కారు తలుపు ముందుకెళ్లి నిలబడింది. గొడవ చెయ్యలేదు, ఏడవలేదు. ఏప్రాన్ నుంచి రొయ్య నీళ్లు కారుతున్నాయి. ఆమెను పక్కకి నెట్టాలంటే ఆ ఏప్రాన్‌ని ముట్టుకోవాలి. ఆయన తన తెల్లచొక్కా చూసుకున్నారు, ఆమెను చూశారు. కిషోర్ బాబు కూడా ముందుకు రాలేదు.

"నోరెక్కువని తీసేస్తుండాం," అని గొణిగారు ఓనరు.

"వినపళ్లా సార్. పాచి సంగతి కూడా చెప్పు."

ఆయన మొహం అసహ్యంతో ముడుచుకుపోయింది. పొద్దున్నుంచీ నా మొహం ఎలా ఉందో అచ్చం అలాగే. ఆడవాళ్లు గేటు దగ్గరికి జరిగారు.

"కడ్డీ మీద పాచి లేదు! ఈమె బాగానే కడిగింది! నోరెక్కువని తీసేస్తుండా!" అని అరిచారు సుశీల్ కుమార్ గారు.

మగ్దలీనమ్మ పక్కకి జరిగి, ఆయన కోసం కారు తలుపు తానే తెరిచింది.